నెలసరి నొప్పితో వచ్చే అమ్మాయిల తల్లులకు, అత్తలకు ఒక గైనకాలజిస్టు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల తల్లులకు, అత్తలకు నమస్కారం.

నేను తిరుపతిలో చాలా ఏళ్ళుగా గైనకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నెలసరి నొప్పితో నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు ఒంటరిగా రారు. పెళ్ళి కాకపోతే పక్కన అమ్మ ఉంటుంది, అయితే అత్త ఉంటుంది. అమ్మాయి తన బాధ చెప్పుకుంటుంది, నేను పరీక్ష చేసి మందు రాస్తాను. ఆ మందు వాడాలా వద్దా అన్నది మాత్రం ఇంటికి వెళ్ళాక మీరే తేలుస్తారు. చాలాసార్లు వద్దనే తేలుస్తారు. ఏడాదికో రెండేళ్ళకో అదే అమ్మాయి ఇంకా ఎక్కువ నొప్పితో మళ్ళీ వస్తుంది. అందుకే ఈ లేఖ ఆ అమ్మాయిలకు కాకుండా మీకు రాస్తున్నాను.

నేను చెప్పబోయేది ఎండోమెట్రియోసిస్ గురించి. గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. అది నెలనెలా మందమై, గర్భం రాకపోతే ఊడిపోయి రక్తంతో బయటికి వస్తుంది. మనం నెలసరి అనేది దాన్నే. కొందరిలో అలాంటి పొరే గర్భసంచి బయట కూడా పెరుగుతుంది. పొత్తికడుపు లోపలి గోడ మీద, అండాశయాల మీద, గర్భసంచికీ మలద్వారం పేగుకీ మధ్య ఉన్న సందులో, ఒక్కోసారి మూత్రాశయం మీద. అది ఎక్కడున్నా ఈస్ట్రోజన్ హార్మోన్ అందితే పెరుగుతుంది, నెలసరి సమయంలో వాచి రక్తం కారుతుంది. ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. దాంతో చుట్టూ వాపు వస్తుంది, నొప్పి నరాలు పెరుగుతాయి, మానిన చోటల్లా గంజితో అతికించినట్టు ఒక అవయవం ఇంకో అవయవానికి అతుక్కుంటుంది. అండాశయం లోపల చేరితే పాత రక్తం గడ్డలా నిలిచిపోతుంది. స్కాన్ రిపోర్టుల్లో చాక్లెట్ సిస్ట్ అని రాసేది దాన్నే.

పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. నెలసరి రక్తం కొంత వెనక్కి, గర్భసంచి ట్యూబుల గుండా పొత్తికడుపులోకి పోవడం దాదాపు అందరు ఆడవాళ్ళలోనూ జరిగేదే. కొందరి శరీరం దాన్ని శుభ్రం చేయలేక అక్కడే నాటుకోనిస్తుంది. తల్లికో అక్కకో ఉంటే ఈ పిల్లకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ పిల్ల చన్నీళ్ళు తాగిందనో, ముట్టు రోజుల్లో తలస్నానం చేసిందనో, ఆటలాడిందనో వచ్చేది కాదు. ఆ మాటలతో పిల్లను బాధపెట్టకండి.

నొప్పి మొదలైన రోజు నుంచి జబ్బు పేరు తెలిసే రోజు దాకా, ప్రపంచంలో చాలా దేశాల్లో సగటున 4 నుంచి 12 ఏళ్ళు పడుతోంది. మన దగ్గర ఆ ఏళ్ళు ఎలా గడిచిపోతాయో చెప్పడానికి ఒక అమ్మాయి కథ చెబుతాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

పలమనేరు వైపు పల్లె. ఇంట్లో ఆవులు, కొంచెం టమాటా సాగు. అమ్మాయి పన్నెండేళ్ళకు పెద్దమనిషి అయింది. మొదటి రెండేళ్ళు పెద్దగా ఇబ్బంది లేదు. పదిహేనో ఏట నుంచి మొదటి రోజు వాంతులు, రెండో రోజు మంచం దిగలేనంత నొప్పి. అమ్మ వాము కషాయం ఇచ్చింది, వేడినీళ్ళ బ్యాగు పెట్టింది. "నాకూ ఇట్లాగే ఉండేది, పెండ్లయితే తగ్గిపోతుందిలే" అని ధైర్యం చెప్పింది. ఇంటర్‌కు తిరుపతిలో హాస్టల్‌లో చేర్చారు. వార్డెన్ దగ్గర ఉన్న మాత్ర వేసేవాళ్ళు. ఒక రాత్రి కుడిపక్క నొప్పితో స్పృహ తప్పితే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అపెండిక్స్ అని అనుమానించి పొట్ట మీద స్కాన్ చేశారు. రిపోర్టులో అంతా నార్మల్ అని వచ్చింది. ఆ కాగితం ఇంట్లో బీరువాలో పెట్టారు. ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడు నొప్పి అన్నా "స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా" అనే మాటే జవాబు అయింది. బీటెక్‌కు వచ్చేసరికి నొప్పి ముట్టుకు వారం ముందే మొదలయ్యేది, ఆ రోజుల్లో మలవిసర్జనకు వెళ్ళాలంటే ఏడుపొచ్చేది. ఆ మాట అమ్మకు కూడా చెప్పలేదు, సిగ్గుపడింది. ఇరవై రెండేళ్ళకు పెళ్ళయింది. భర్తతో కలిసినప్పుడు లోపల లోతుగా పొడిచినట్టు నొప్పి. ఇష్టం లేక తప్పించుకుంటోందని అత్తింట్లో అనుకున్నారు. ఏడాదిన్నర దాటినా గర్భం రాలేదు. అప్పుడు, పిల్లల కోసం, నా దగ్గరికి తీసుకొచ్చారు. నొప్పి కోసం ఎవరూ తీసుకురాలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

ఈ కథలో ఎక్కువ నష్టం చేసింది ఆ నార్మల్ స్కాన్ రిపోర్టు. అది అబద్ధం చెప్పలేదు. మనమే దానికి లేని అర్థం ఇచ్చాం. పెళ్ళి కాని అమ్మాయిలకు స్కాన్ పొట్ట మీద నుంచే చేస్తారు, మూత్రం నిండుగా పట్టించి. అందులో గర్భసంచి ఆకారం, అండాశయాల్లో గడ్డలు కనిపిస్తాయి. గర్భసంచి పుట్టుకతోనే రెండుగా ఉండి ఒక పక్క రక్తం బయటికి రాకుండా అడ్డుపడుతోందేమో తెలుస్తుంది. చిన్న వయసులో నొప్పితో వచ్చిన పిల్లకు స్కాన్ అవసరమయ్యేది ముఖ్యంగా అందుకే. కానీ పొత్తికడుపు గోడ మీద పరుచుకున్న చిన్న మచ్చల్లాంటి ఎండోమెట్రియోసిస్ ఏ స్కాన్‌లోనూ కనిపించకపోవచ్చు. ఎంఆర్ఐలో కూడా తప్పిపోతుంది. చిన్న వయసు పిల్లల్లో ఎక్కువగా ఉండేది ఆ రకమే. పెళ్ళయిన వాళ్ళకు కింద నుంచి చేసే స్కాన్‌లో ఇంకా చాలా తెలుస్తుంది. అయితే చేసేవాళ్ళు గర్భసంచి, పేగు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయా, అండాశయం కదులుతోందా, వెనక అతుక్కుపోయిందా అని ప్రత్యేకంగా చూడాలి. స్కాన్‌కు వెళ్ళేటప్పుడు చీటీ మీద "ఎండోమెట్రియోసిస్ అనుమానం" అని డాక్టర్ చేత రాయించుకోండి. వెతకమని చెబితేనే వెతుకుతారు.

కొందరు సీఏ-125 రక్తపరీక్ష చేయించుకుని వస్తారు. ఈ జబ్బు తేల్చడానికి దాన్ని నమ్ముకోకూడదు. జబ్బు ఉన్నా మామూలుగా ఉండొచ్చు, వేరే కారణాలతో పెరగనూవచ్చు. పెరిగిందంటే క్యాన్సరేమోనని ఇల్లంతా టెన్షన్ పడుతుంది. ఆ డబ్బు మిగుల్చుకోండి. మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. పొత్తికడుపులో క్షయ కూడా ఇలాంటి నొప్పినీ, అతుకులనూ తెస్తుంది. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, ముట్టు బాగా తగ్గిపోవడం ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

మరి స్కాన్ కాకపోతే ఎలా తెలుస్తుంది? పిల్ల చెప్పే మాటలను బట్టి. మామూలు ముట్టు నొప్పి మొదటి రోజో రెండో రోజో ఉంటుంది, సరిగా మాత్ర వేస్తే తగ్గుతుంది, పిల్ల కాలేజీకి వెళుతుంది. మాత్ర సరిగా వేసినా తగ్గకపోవడం, నెలనెలా చదువో పనో మానుకోవాల్సి రావడం, ఏళ్ళు గడిచేకొద్దీ నొప్పి పెరగడం, ముట్టుకు ముందే మొదలై తర్వాత కూడా సాగడం, ఆ రోజుల్లో మలవిసర్జనకో మూత్రానికో నొప్పి, పెళ్ళయ్యాక కలయికలో లోతైన నొప్పి. వీటిలో ఏది ఉన్నా అనుమానించాల్సిందే. మందులకు లొంగని ముట్టు నొప్పి ఉన్న టీనేజీ పిల్లలకు లాప్రోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్, చేసి చూసినప్పుడు, కనీసం మూడింట రెండు వంతుల మందిలో ఈ జబ్బు బయటపడింది. ఇంకో మాట. నొప్పి ఎంత ఉంటే జబ్బు అంత ఉందని లెక్క కాదు. చిన్న మచ్చలతో పిల్ల మెలికలు తిరిగిపోవచ్చు, పెద్ద సిస్ట్ ఉన్నామెకు నొప్పే తెలియకపోవచ్చు.

మాత్ర సరిగా వేయడం అన్నాను కదా, అది చెప్పాలి. మన పిల్లలు ఓర్చుకుని ఓర్చుకుని, ఇక తట్టుకోలేనప్పుడు ఒకటి మింగుతారు. మెఫెనమిక్ యాసిడ్ లాంటి మందులు నొప్పి పుట్టించే రసాయనం తయారు కాకుండా ఆపుతాయి. అప్పటికే తయారైన దాన్ని తీసేయలేవు. కాబట్టి నొప్పి మొదలవుతోందని తెలియగానే, ఏదైనా తిన్న తర్వాత, 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు వరసగా వేయాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేయకూడదు. ఇలా మూడు నెలలు చేసినా పిల్ల మంచం మీదే ఉంటే, అప్పుడు హార్మోన్ మందు గురించి మాట్లాడాలి.

హార్మోన్ అన్న మాట వినగానే మీ ముఖాలు మారిపోవడం నాకు తెలుసు. "హార్మోన్ మాత్రంట కదా మేడమ్, గర్భసంచి చెడిపోదా? రేపు పెండ్లి చేయాల్సిన పిల్ల" అంటారు. మీ భయంలో ప్రేమే ఉంది, నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. తిరుమల దర్శనానికి టికెట్లు దొరికాయి, ఆ తేదీకి ముట్టు వచ్చేలా ఉంది. అప్పుడు మీరే మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చి ముట్టు వాయిదా వేయిస్తారు. పెళ్ళి ముహూర్తానికి, గృహప్రవేశానికి కూడా అంతే. ఆ మాత్ర నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాములది. అది హార్మోనే. ఎండోమెట్రియోసిస్‌కు వాడే మందుల్లో అది కూడా ఒకటి. నేను ఎక్కువగా రాసే డైనోజెస్ట్ ఆ కుటుంబానికి చెందినదే. దర్శనానికి వేసుకున్నప్పుడు గర్భసంచి గురించి రాని భయం, పిల్ల నొప్పికి వేసేటప్పుడు ఎందుకు రావాలి? అలాగని మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు మొదలుపెట్టమని నేను అనడం లేదు.

ఈ మందులు ఏం చేస్తాయో చెబుతాను. అండాశయం నెలనెలా చేసే పనిని నెమ్మదింపజేసి ఈస్ట్రోజన్‌ను తగ్గిస్తాయి. దాంతో గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది, బయట ఉన్న పొర కూడా పలచబడి నిద్రపోతుంది. నెలనెలా రక్తం కారడం ఆగితే కొత్త వాపు రాదు, నొప్పి తగ్గుతుంది. జబ్బును ఇవి వేళ్ళతో సహా తీసేయవు. ఆపితే కొన్నాళ్ళకు నొప్పి మళ్ళీ రావచ్చు. షుగరుకో బీపీకో మందు వాడినట్టే దీన్నీ ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చని ముందే తెలుసుకుంటే, మధ్యలో విసుగు రాదు.

డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఒకటి, రోజూ ఒకే వేళకు, మధ్యలో విరామం లేకుండా వేయాలి. మొదటి మూడు నెలలు ఎప్పుడు పడితే అప్పుడు కొంచెం కొంచెం రక్తం కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. ఆపకండి, క్రమంగా అది తగ్గుతుంది. తర్వాత చాలామందికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు రెండో భయం మొదలవుతుంది, చెడు రక్తం లోపలే నిలిచిపోతోందేమోనని. నిలవడానికి లోపల ఏమీ లేదమ్మా. పొర మందం కావడం లేదు కాబట్టి బయటికి రావాల్సిందే లేదు. మాత్ర ఆపాక సాధారణంగా రెండు నెలల్లోపు ముట్టు మళ్ళీ వస్తుంది. ఈ మందు వల్ల గర్భసంచి చెడిపోదు, పిల్లలు పుట్టే శక్తి పోదు.

ఇబ్బందులు లేవని అనను. తలనొప్పి, రొమ్ముల్లో నొప్పి, మొటిమలు, కొంచెం బరువు పెరగడం ఉండొచ్చు. కొందరిలో మనసు దిగాలుగా అయిపోతుంది. పిల్ల ఊరికే ఏడుస్తున్నా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నా మూడు నెలల చెకప్ దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో ఎముకల బలం కొద్దిగా తగ్గవచ్చు కాబట్టి, వాళ్ళకు రాసేటప్పుడు ఆలోచించి రాస్తాం. పాలు, రాగి సంకటి, ఎండ, అవసరమైతే విటమిన్ డి చూసుకోవాలి. పెళ్ళయిన వాళ్ళు దీన్ని గర్భనిరోధక మాత్రగా లెక్కపెట్టుకోకూడదు, కండోమ్ వాడాలి.

డైనోజెస్ట్ ఒక్కటే దారి కాదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కలిసిన మామూలు గర్భనిరోధక మాత్రలు ఖర్చు తక్కువ, చాలామందికి అవే సరిపోతాయి. ఇరవై ఒక్క రోజులు వేసి వారం ఆపే పద్ధతిలో కాకుండా, ఆపకుండా వేయిస్తే నొప్పి వచ్చే రోజులే తగ్గుతాయి. కాకపోతే కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, హైబీపీ, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఇవి పనికిరావు. అది ఇంట్లో వాళ్ళకే తెలుస్తుంది కాబట్టి మీరే డాక్టర్‌కు చెప్పాలి. పిల్లలు పుట్టి, ఇక కొన్నేళ్ళు వద్దనుకునే వాళ్ళకు గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ బాగుంటుంది, రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే పని లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా ప్రొజెస్టిరాన్ జాతిదే. అది నొప్పిని తగ్గిస్తుంది కానీ, ఆపాక గర్భం రావడానికి ఆలస్యం కావచ్చు. త్వరలో పిల్లలు కావాలనుకునే వాళ్ళకు నేను ఇవ్వను. నెలకొకటి వేసే లూప్రోలైడ్ ఇంజెక్షన్లు ముట్టు ఆగిపోయే వయసు వచ్చినట్టు చేస్తాయి. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడటం ఉంటాయి. వాటితో పాటు కొంచెం హార్మోన్ తిరిగి ఇస్తూ, మొదటి మందులు పనిచేయనప్పుడే వాడాలి.

ఇక పిల్లల సంగతి. ఇక్కడ మీరు ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ హార్మోన్ మందులన్నీ నొప్పికి. పిల్లలు పుట్టడానికి కాదు. వాటిలో చాలావాటిని వాడుతున్నంత కాలం అండం విడుదల ఆగుతుంది, మందు ఆపాక గర్భం వచ్చే అవకాశం వాటివల్ల పెరగదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న అమ్మాయికి "సిస్ట్ కరగడానికి" అని ఆరు నెలలు డైనోజెస్ట్ వాడించి, తర్వాత ప్రయత్నించమనడం వల్ల ఆరు నెలలు పోతాయి. ముప్పై దాటిన వాళ్ళకు ఆ ఆరు నెలలు చిన్నవి కావు. అలా చెప్పిన చోట, ఎందుకని అడగండి.

ఎండోమెట్రియోసిస్ ఉన్న వాళ్ళలో ఎక్కువ మందికి పిల్లలు పుడతారు, చాలామందికి ఏ చికిత్సా లేకుండానే. కానీ గర్భం ఆలస్యం కావడం వీళ్ళలో మిగతా వాళ్ళకంటే ఎక్కువ. అతుకుల వల్ల ట్యూబు అండాన్ని అందుకోలేకపోవచ్చు, లోపలి వాపు అండానికీ వీర్యకణాలకూ చేటు చేస్తుంది, చాక్లెట్ సిస్ట్ అండాశయంలోని నిల్వను తగ్గిస్తుంది. ఆ సిస్ట్‌ను ఆపరేషన్‌తో తీసేసినా నిల్వ తగ్గుతుంది. సిస్ట్ గోడను ఒలిచేటప్పుడు దానికి అంటుకుని మంచి అండాశయం కూడా కొంత వచ్చేస్తుంది. ఎంత చేయి తిరిగిన సర్జన్ అయినా దీన్ని పూర్తిగా తప్పించలేరు. అందుకే రెండోసారి, మూడోసారి అదే సిస్ట్‌కు ఆపరేషన్ అంటే నేను చాలా వెనకాడతాను.

పలమనేరు అమ్మాయి దగ్గరికి వస్తాను. కింద నుంచి చేసిన స్కాన్‌లో ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది, ఆ అండాశయం గర్భసంచి వెనక అతుక్కుని కదలడం లేదు. అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ పరీక్షలో 2.1 వచ్చింది, ఆ వయసుకు మరీ తక్కువ కాదు. ఆమె మీద ఇంకో పరీక్ష చేసే ముందు భర్తకు వీర్య పరీక్ష చేయించమన్నాను. అత్తకు అది నచ్చలేదు. "మా వాడికెందుకు మేడమ్, లోపం ఈమెలో ఉందని తెలిసింది కదా" అన్నారు. భార్యలో ఒక కారణం దొరికిందని భర్తలో ఇంకోటి లేదని చెప్పలేం, ఆపరేషన్ చేసేశాక అతనిలో సమస్య బయటపడితే చేసిన ఆపరేషనే వృథా కావచ్చు అని వివరించాను. చేయించారు. అది బాగానే ఉంది.

ఇప్పుడు రెండు దారులు. సిస్ట్‌ను అలాగే ఉంచి నేరుగా ఐవీఎఫ్‌కు, అంటే టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతికి, వెళ్ళడం. లేదా లాప్రోస్కోపీ చేసి సిస్ట్ తీసి, అతుకులు విడదీసి, మామూలుగా ప్రయత్నించడం. ఐవీఎఫ్‌లో ఫలితం మెరుగవ్వాలని సిస్ట్‌ను ముందే తీయాల్సిన పని లేదు. కానీ ఈమెకు నొప్పి భరించలేనంత ఉంది, కలయికే కష్టంగా ఉంది, వయసు ఇరవై నాలుగు, జబ్బు ఒక పక్కే ఉంది, నిల్వ పర్వాలేదు, ఇది మొదటి ఆపరేషన్. అందుకని లాప్రోస్కోపీ మేలని చెప్పాను. అదే ముప్పై నాలుగేళ్ళ ఆమె, రెండు పక్కలా సిస్టులు, ఏఎంహెచ్ 0.8 ఉండి వచ్చి ఉంటే ముందు ఐవీఎఫ్ గురించో, అండాలు తీసి దాచుకోవడం గురించో మాట్లాడేదాన్ని. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి పనికిరాదు, పక్కింటావిడకు ఆపరేషన్ చేశారని మీ కోడలికీ చేయమని అడగవద్దు.

ఆపరేషన్‌లో కుడి పక్క ట్యూబు, అండాశయం బాగున్నాయని కళ్ళారా చూశాం. ఎడమ పక్క విడదీశాక కూడా కొంత దెబ్బతినే ఉంది. ఆపరేషన్ తర్వాత మామూలుగా గర్భం వచ్చే అవకాశాన్ని అంచనా వేయడానికి పదికి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది. వయసు, ఎన్నేళ్ళుగా పిల్లల్లేరు, ముందు గర్భం వచ్చిందా, ట్యూబులూ అండాశయాలూ ఎలా ఉన్నాయి, జబ్బు ఎంత ఉంది అని చూసి వేస్తారు. ఈమెకు 7 వచ్చాయి. మంచి మార్కులే. కాబట్టి ఏడాది లోపు మామూలుగానే ప్రయత్నించమన్నాం, రాకపోతే ఐవీఎఫ్ అని ముందే మాట్లాడుకున్నాం. మూడు నెలలకు ఏఎంహెచ్ 1.4కు దిగింది. నేను చెప్పిన నష్టం అదే. ఆపరేషన్ అయిన తొమ్మిదో నెలలో గర్భం నిలిచింది, ఆడపిల్ల పుట్టింది.

బిడ్డ పాలు మానేసి ముట్టు మళ్ళీ మొదలైన కొన్ని నెలలకు నొప్పి కూడా తిరిగి వచ్చింది. పిల్లలు పుడితే జబ్బు పోతుందని మీరు అనుకునేది ఇక్కడే తప్పుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ముట్టు ఉండదు కాబట్టి నొప్పి తగ్గుతుంది, అంతే. నొప్పి తగ్గాలని పదిహేడేళ్ళకో పద్దెనిమిదేళ్ళకో పిల్లకు పెళ్ళి చేయడం వైద్యం కాదు. ఇప్పుడు ఆమె డైనోజెస్ట్ వాడుతోంది, ఉద్యోగానికి వెళుతోంది. రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు మాత్ర ఆపి వస్తానంది.

ఇంకో విషయం చెప్పి ముగిస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఈ నొప్పి దేనికి, గర్భసంచి తీసేయిద్దాం అనుకుంటారు. ఎండోమెట్రియోసిస్ ఉన్నది గర్భసంచి బయట. ఆ మచ్చలను వదిలేసి గర్భసంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలిపోవచ్చు. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ఎముకలకూ గుండెకూ ముప్పు మొదలవుతుంది. తీయించుకోవాల్సిన వాళ్ళు ఉంటారు. కానీ ముందు మందులు వాడి చూశారా, లోపలి జబ్బును కూడా తీస్తారా, అండాశయాలు ఉంచుతారా అని అడిగి తెలుసుకోకుండా సంతకం పెట్టకండి.

మీ నుంచి నేను కోరేది ఇది. పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో, ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలోనో, హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మీ అమ్మాయితో ఈసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు అన్నం తిన్నావా అని అడిగాక, ముట్టు రోజుల్లో క్లాసుకు వెళుతోందా అని కూడా అడగండి. మానేస్తోందంటే మూడు నెలలు ఒక నోటు పుస్తకంలో రాయమనండి. ఏ తేదీన నొప్పి మొదలైంది, ఎన్ని రోజులుంది, ఏ మాత్ర ఎప్పుడు వేసింది, తగ్గిందా, మలమూత్రాలకు వెళ్ళేటప్పుడు నొప్పి ఉందా. అత్తలు కోడలిని నలుగురిలో కాకుండా ఒంటరిగా అడగండి, లేదా ఆమెను భర్తతోనో ఒంటరిగానో మా గదిలోకి రానివ్వండి, మీరు బయట కూర్చోండి. కలయికలో నొప్పి అన్న మాట మీ ముందు ఆమె నోట రాదు. పాత స్కాన్ రిపోర్టులు నార్మల్ అని ఉన్నా పడేయకుండా అన్నీ తీసుకురండి. మాత్ర రాసి ఇచ్చాక మీకు ఏ భయం ఉన్నా నా ముందే అడగండి. ఎన్నిసార్లు అడిగినా చెబుతాను, ఇంటికెళ్ళి ఆపేయవద్దు.

ఇట్లు,
తిరుపతిలో పనిచేస్తున్న ఒక గైనకాలజిస్టు